ముందు నీడ, తర్వాత పేరు
సైన్స్ డాక్యుమెంటరీని కొత్తవాళ్లు ఎలా ఎంచుకోవాలి?

‘సైన్స్ తెలుసుకోవాలని ఉంది మాస్టారూ, నోరు తిరగని మాటలు లేని సినిమా ఏదైనా చెప్పండి’ అని అడిగేవాళ్లలో పిల్లల కంటే పెద్దవాళ్లే ఎక్కువ. పదో తరగతితో చదువు ఆపేసి దుకాణం పెట్టుకున్నవాళ్లు, బిడ్డ పక్కన కూర్చుని పాఠం చూసే తల్లులు, రిటైరైన గుమాస్తాలు. వీళ్లందరి చేతిలో ఫోను ఉంది. యూట్యూబ్‌లో ‘సైన్స్ డాక్యుమెంటరీ’ అని కొడితే వందల సినిమాలు వస్తాయి. వాటిలో సగం భయపెట్టే సంగీతంతో మొదలై, నల్లటి ఆకాశంలో నిప్పుల ముద్దలు తిప్పుతూ, గంట గడిచాక ఏం తెలిసిందో చెప్పుకోలేని స్థితిలో మనల్ని వదిలేస్తాయి.

కష్టం మాటల్లోనే ఉందని చాలామంది అనుకుంటారు. ఇంగ్లీషు మాట తీసేసి తెలుగు మాట పెడితే సరిపోతుందని వాళ్ల నమ్మకం. గ్రావిటీ అనే మాట తెలియనివాడికి గురుత్వాకర్షణ అని చెబితే తెలిసేదేముంది? రెండూ అంతే బరువు. ఒక బంతిని పైకి విసిరి, అది ఎక్కడ ఆగిందో, ఎలా తిరిగి వచ్చిందో చూపించి, ఆ తర్వాత ‘దీనికి ఈ పేరు’ అంటే ఏ భాష పేరైనా నిలుస్తుంది. కాబట్టి సినిమాలో ఎన్ని పారిభాషిక పదాలు ఉన్నాయని కాకుండా, పేరు ముందు వస్తోందా, వస్తువు ముందు వస్తోందా అని చూడాలి. మొదటి ఐదు నిమిషాలు చూస్తూ, చూపించకుండా వాడేసిన ప్రతి శాస్త్ర పదానికీ కాగితం మీద ఒక గీత గీయండి. ఐదు గీతలు దాటితే ఆ సినిమా ఇప్పటికి మనది కాదని నేను పక్కన పెట్టేస్తాను. ఆ తర్వాత ఇంకో రెండు నిమిషాలు శబ్దం తీసేసి చూడండి. బొమ్మ ఒక్కటే చూసినా అక్కడ ఏదో జరుగుతున్నట్టు, ఎవరో ఏదో చేస్తున్నట్టు తెలియాలి. మాట ఆగగానే తెర మీద మిగిలింది మెరుపులు మాత్రమే అయితే ఆ సినిమాలో చూపించడానికి ఏమీ లేదన్నమాట.

ఇంత చెప్పాక ఒక ఉదాహరణను పూర్తిగా విప్పి చూపించాలి కదా. పాతదే, కానీ ఈ పరీక్షలో నెగ్గేది ఒకటి ఉంది.

కాస్మోస్‌లో కొద్ది నిమిషాలు

అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ 1980లో ‘కాస్మోస్’ అనే 13 భాగాల ధారావాహిక చేశాడు. దాని మొదటి భాగంలో ఎరటోస్తనీస్ కథ ఉంది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి పెద్దగా ఉన్న గ్రీకు పండితుడాయన. దక్షిణాన సయీన్ అనే ఊరిలో, అంటే నేటి అస్వాన్‌లో, ఏడాదిలో పగలు అతి పొడవుగా ఉండే రోజున మిట్టమధ్యాహ్నం నిలువు స్తంభాలకు నీడ ఉండదని ఆయన చదివాడు. అదే రోజు, అదే వేళ అలెగ్జాండ్రియాలో కర్రకు నీడ పడుతోంది. ఎందుకు?

ఇక్కడ సేగన్ చేసిన పని చూడండి. ఈజిప్టు పటం ఒకటి తీసుకున్నాడు. దాని మీద రెండు చోట్ల రెండు చిన్న స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. పటం బల్లపరుపుగా ఉంటే ఎండ ఎటు నుంచి వచ్చినా రెండింటి నీడా ఒకే పొడవు. పటాన్ని కొంచెం వంచాడు. ఒక స్తంభానికి నీడ మాయమైంది, రెండోదానికి ఉంది. ఇంకా వంచితే తేడా ఇంకా పెరిగింది. ఇదంతా శబ్దం లేకుండా చూసినా అర్థమవుతుంది. తర్వాతే లెక్క వస్తుంది. నీడల తేడా సుమారు ఏడు డిగ్రీలు, అంటే వృత్తంలో దాదాపు యాభయ్యో వంతు. రెండు ఊళ్ల మధ్య దూరం 800 కిలోమీటర్లు. యాభైతో గుణిస్తే 40,000 కిలోమీటర్లు. అది భూమి చుట్టుకొలత.

ఈ కొద్ది నిమిషాల్లో అక్షాంశం, పతన కోణం వంటి మాటల అవసరమే రాలేదు. కానీ చూసినవాడికి ఆ రెండూ తెలిసిపోయాయి. రేపు పుస్తకంలో ఆ పేర్లు కనిపిస్తే ‘ఓహో, దీన్నే అంటారా’ అనుకుంటాడు.

మంచి సినిమాకు ఇంకో గుర్తు, అందులో చేసిన పనిని మన వాకిట్లో చేసి చూడగలగడం. దీన్ని చెయ్యవచ్చు. పైగా మన తెలుగు బడులు దక్షిణాన హోసూరు నుంచి ఈశాన్యాన బరంపురం దాకా పరుచుకుని ఉండటం ఈ ప్రయోగానికి కలిసొచ్చిన సంగతి.

హోసూరే సయీన్, బరంపురమే అలెగ్జాండ్రియా

మన దేశంలో కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న ప్రతి ఊరికీ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హోసూరులో అది ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో మరోసారి. ఆ రోజు మధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు నీడ దాని అడుగునే దాక్కుంటుంది. అదే రోజు బరంపురంలో 100 సెంటీమీటర్ల కర్ర నిలబెడితే ఉత్తరం వైపు సుమారు 11.5 సెంటీమీటర్ల నీడ పడాలి.

ఇప్పుడు కోణమానిని కూడా అక్కర్లేని లెక్క ఒకటి. 100 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే దాని చుట్టుకొలత 628 సెంటీమీటర్లు. మన నీడ 11.5. చిన్న కోణం కాబట్టి నీడను ఆ వృత్తంలో ఒక ముక్క అనుకోవచ్చు, తప్పు చాలా స్వల్పం. 628ని 11.5తో భాగిస్తే 54.6. అంటే హోసూరు నుంచి బరంపురానికి ఉత్తర దిక్కుగా మనం భూమి చుట్టూ సుమారు 55వ వంతు జరిగాం. పటం మీద ఈ రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 730 కిలోమీటర్లు. 730ని 54.6తో గుణిస్తే 39,858. ఎరటోస్తనీస్ కథలోని 40,000కు ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి.

అన్నీ ఇంత సాఫీగా జరగవు. మొదటి చిక్కు దూరం దగ్గరే వస్తుంది. బస్సు టికెట్టు మీది దూరం ఇక్కడ పనికిరాదు. బరంపురం హోసూరుకు ఉత్తరాన ఉండటమే కాదు, తూర్పుకు కూడా బాగా జరిగి ఉంది. పటం మీద ఒక్కో ఊరి గుండా తూర్పు పడమరలుగా అడ్డగీత గీసి, ఆ రెండు గీతల మధ్య ఎడాన్ని స్కేలుతో కొలిచి కిలోమీటర్లలోకి మార్చాలి. పిల్లలు రోడ్డు దూరం పెట్టి లెక్క వేస్తే భూమి దాదాపు రెట్టింపు పెద్దదైపోతుంది. జవాబు అంత పెద్దగా వచ్చిందంటే ఈ పొరపాటే కారణమని వెంటనే పట్టుకోవచ్చు.

రెండో చిక్కు గడియారం. సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారం పన్నెండు కొట్టినప్పుడు కాదు. దేశమంతటికీ ఒకే సమయం పెట్టుకున్నాం, సూర్యుడికి ఆ సంగతి తెలియదు. ఏప్రిల్ 24న బరంపురంలో అతి పొట్టి నీడ 11.50 ప్రాంతంలో పడితే, హోసూరులో 12.17 ప్రాంతంలో పడుతుంది. అందుకే పదకొండున్నర నుంచి పన్నెండు ముప్పావు దాకా ఐదు నిమిషాలకోసారి నీడ చివర సుద్దముక్కతో చుక్క పెట్టి, అన్నిటికంటే పొట్టిదాన్ని తీసుకోవాలి. కర్ర నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే తెలుస్తుంది.

మూడో చిక్కును ఏ పుస్తకమూ చెప్పదు, చేసి చూస్తేనే కనబడుతుంది. నీడ చివర గీత గీసినట్టు ఉండదు. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. అందుకని మీటరు కర్ర నీడ చివర దాదాపు ఒక సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది. ఆ మసక చివరిదాకా కొలిచి 11.5 బదులు 12.5 అని రాశారనుకోండి. భూమి చుట్టుకొలత 36,700 కిలోమీటర్లకు పడిపోతుంది. వేలి మందం తప్పుకు మూడు వేల కిలోమీటర్లు! మసకకు మధ్యలో గుర్తు పెట్టడం మంచిది. ఏప్రిల్‌లో సెలవులు, ఆగస్టులో మబ్బులు అన్నది వేరే బాధ. ఏ రోజు కుదిరినా సరే, ఒకే రోజు రెండు ఊళ్లలోనూ నీడ కొలిచి, కాగితం మీద కర్రనూ నీడనూ తగ్గించి గీసి, నీడలు రెండూ ఒకే వైపు పడితే రెండు కోణాల తేడా, చెరో వైపు పడితే వాటి మొత్తం తీసుకుంటే లెక్క పనిచేస్తుంది.

సినిమా దాటేసిన సంగతులు

నచ్చిన సినిమాను కూడా గుచ్చి చూడాలి. సయీన్ సరిగ్గా కర్కాటక రేఖ మీద లేదు, కాస్త ఉత్తరాన ఉంది. అలెగ్జాండ్రియా దానికి నేరుగా ఉత్తరాన లేదు, పడమరకు మూడు డిగ్రీలు జరిగి ఉంది. ఎరటోస్తనీస్ రాసిన పుస్తకం మనకు దక్కలేదు. తర్వాతి కాలపు క్లియోమెడీస్ వంటివాళ్ల రాతల్లోంచి ఈ కథ తెలిసింది. ఆయన దూరాన్ని కిలోమీటర్లలో కాక స్టేడియా అనే కొలతలో చెప్పాడు, ఆ స్టేడియం పొడవెంతో చరిత్రకారుల మధ్య ఇప్పటికీ పేచీ ఉంది. కాబట్టి సినిమాలో వచ్చిన చక్కటి 40,000 కొంత చేత్తో దిద్దినదే. పద్ధతి మాత్రం గట్టిది.

ఇంతకంటే లోతైన విషయం ఇంకొకటి. నేల బల్లపరుపుగానే ఉండి, సూర్యుడు మన నెత్తి మీద కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తులో దీపంలా వేలాడుతున్నాడనుకోండి. అప్పుడు కూడా ఒక ఊళ్లో నీడ ఉండదు, ఇంకో ఊళ్లో ఉంటుంది. రెండు కర్రలతో ఈ రెండు ఊహల్లో ఏది నిజమో తేలదు. సూర్యుడు చాలా దూరంలో ఉన్నాడు, కిరణాలు సమాంతరంగా వస్తాయి అని ముందే తెలిసి ఉండాలి. సేగన్ ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. అసలు బలం అంతా ఆ వాక్యంలోనే ఉంది. మా తొమ్మిదో తరగతికి చూపించేటప్పుడు నేను అక్కడ ఆపుతాను. మూడో కర్ర దూరంగా, ఢిల్లీ అంత దూరంలో పెడితే రెండు ఊహలూ వేర్వేరు నీడ పొడవులు చెబుతాయి, అప్పుడు తేల్చుకోవచ్చు.

ఎక్కడ వెతకాలి, ఎలా వెతకాలి

‘సైన్స్’ అని కాకుండా సినిమా పేరూ, సంవత్సరమూ కొట్టి వెతకండి. మొదట పొట్టివి చూడటం మంచిది. Powers of Ten 1977 అని కొడితే ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు తీసిన తొమ్మిది నిమిషాల చిత్రం వస్తుంది. షికాగోలో చెరువు గట్టున వనభోజనానికి వచ్చి పడుకున్న మనిషి దగ్గర మొదలై, కెమెరా ప్రతి పది సెకన్లకూ పది రెట్లు దూరం జరుగుతుంది. నక్షత్ర వీధులు దాటాక వెనక్కి వచ్చి, ఆ మనిషి చేతి చర్మంలోకి దిగి పరమాణువు లోపలిదాకా పోతుంది. కొత్తవాడు నేర్చుకోవలసింది ‘పది రెట్లు’ అన్న ఒక్క సంగతే. దీనికి మూలం కీస్ బూకే అనే డచ్చి ఉపాధ్యాయుడు 1957లో వేసిన బొమ్మల పుస్తకం. ఆ పుస్తకం బడి ఆవరణలో కుర్చీలో కూర్చున్న పిల్లతో మొదలవుతుంది.

అది అయ్యాక Frames of Reference 1960. టొరాంటో విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్ర ఆచార్యులు హ్యూమ్, ఐవీ ఇద్దరూ కలిసి బడిపిల్లల కోసం చేసిన నలుపు తెలుపు చిత్రం, అరగంట లోపే. మొదట్లోనే ఒకాయన తలకిందులుగా కనిపిస్తాడు. తలకిందులుగా ఉన్నది ఆయనా, మనమా అన్నదే ప్రశ్న. కదిలే బండి మీద నుంచి బంతి వదిలితే బండిలో ఉన్నవాడికి అది నిలువుగా పడుతుంది, నేల మీద ఉన్నవాడికి వంపు తిరిగి పడుతుంది. కెమెరాను ఒకసారి బండికి, ఒకసారి నేలకు బిగించి రెండూ చూపించారు. రైల్లో కూర్చుని పక్క రైలు కదిలితే మనమే కదిలామనుకునే ప్రతివాడికీ ఇది తెలిసిన అనుభవమే. నాకు తెలిసినంతలో ఒక్క పదాన్ని ఇంత ఓపికగా చూపించిన సినిమా ఇంకోటి లేదు.

పాతవి చెబుతున్నానని అనుకోవద్దు. నీడ, బంతి, బండి పాతబడవు. తాజా పరిశోధన చెప్పే భాగాలు పాతబడతాయి. ‘కాస్మోస్’ తీసేనాటికి వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహం ఒక్కటి కూడా ఖాయంగా తెలియదు, ప్లూటో అప్పుడు తొమ్మిదో గ్రహం. కాబట్టి చూసే ముందు సంవత్సరం చూసుకోవాలి.

ఇక అబద్ధం చెప్పే సినిమాలు. 1958లో డిస్నీ సంస్థ తీసిన ‘వైట్ వైల్డర్‌నెస్’కు ఆస్కార్ కూడా వచ్చింది. అందులో లెమ్మింగ్ అనే చిట్టెలుకలు గుంపుగా వెళ్లి కొండ మీద నుంచి నీళ్లలో దూకి చస్తాయి. ఆ ఎలుకలు అసలు నివసించని చోటుకు వాటిని కొని తెచ్చి, తోసి తీసిన దృశ్యమది. 1982లో కెనడా టెలివిజన్ ఆ బండారం బయటపెట్టింది. 2012లో అమెరికాలో జలకన్యలు ఉన్నట్టు ఒక చిత్రం ప్రసారమైంది. శాస్త్రవేత్తలుగా కనిపించినవాళ్లు నటులు. చివరికి ఆ దేశపు సముద్ర పరిశోధన సంస్థ, అలాంటివి ఉన్నాయనడానికి ఆధారం లేదని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. కొత్తవాడు దీన్ని ఎలా పట్టుకోవాలి? రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ‘ఈ సంగతి వీళ్లకు ఎలా తెలిసింది?’ అన్నదానికి సినిమాలో జవాబు ఉందా? ‘సరిగ్గా ఆ క్షణానికి కెమెరా అక్కడ ఎలా ఉంది?’ ఈ రెండింటికీ జవాబు లేకుండా, సంగీతం మాత్రం పెరుగుతూ పోతుంటే ఆపెయ్యండి.

భాష సంగతి

చెప్పిన సినిమాలు ఇంగ్లీషువి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో, తరగతిలో మళ్లీ తెలుగు. ఇంగ్లీషు నాలుగో మెట్టు. యూట్యూబ్‌లో పళ్లచక్రం గుర్తు నొక్కి Playback speed దగ్గర 0.75 పెడితే మాట నెమ్మదిస్తుంది. కొన్ని సినిమాలకు Subtitles దగ్గర Auto-translate లో తెలుగు దొరుకుతుంది. దాన్ని కళ్లు మూసుకుని నమ్మకండి. ‘పవర్’ అనే మాటకు లెక్కల్లో ఘాతం అని అర్థం. యంత్రం దాన్ని శక్తి అని రాస్తే ‘పవర్స్ ఆఫ్ టెన్’ కాస్తా పది శక్తులైపోతుంది, సినిమా మొత్తం తిరగబడుతుంది. నేను చేసేది వేరు. ముందు శబ్దం తీసేసి సినిమా నడిపి, నేనే తెలుగులో చెబుతాను. రెండోసారి శబ్దంతో చూస్తే పిల్లలకు తెలిసిన కథే కాబట్టి ఇంగ్లీషు మాటలు వాటంతట అవే అతుక్కుంటాయి. శబ్దం తీసేసి చూడాలనుకునేవాళ్లకు పుణెకు చెందిన అరవింద్ గుప్తా బృందం తీసిన చిన్న చిన్న బొమ్మల తయారీ చిత్రాలున్నాయి. అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబు, స్ట్రాలతో చేసేవి. వాటిలో చేతులే మాట్లాడతాయి.

చూసే ముందు ఒక ప్రశ్న

1987లో వచ్చిన ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ అనే చిత్రం పట్టాల పండుగ నాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలవుతుంది. వేసవిలో ఎండలు ఎందుకు ముదురుతాయనో, చంద్రకళలు ఎలా ఏర్పడతాయనో అడిగారు. 23 మందిలో 21 మంది సరిగ్గా చెప్పలేకపోయారు. వేసవి గురించి, భూమి అప్పుడు సూర్యుడికి దగ్గరగా వస్తుందన్నది ఎక్కువగా వినిపించిన జవాబు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, మనం దుప్పటి కప్పుకునే రోజుల్లో. వాళ్లు పాఠం విననివాళ్లు కాదు. విన్నది తలలో ఉన్న పాత ఊహ పక్కన కూర్చుందే తప్ప దాన్ని కదిలించలేదు.

సినిమాతోనూ ఇదే జరుగుతుంది. అందుకే ఎరటోస్తనీస్ భాగం పెట్టే ముందు చీటీలు పంచి ఒక ప్రశ్న రాయమంటాను: ‘ఈ రోజు మధ్యాహ్నం హోసూరులో కర్రకు నీడ లేదు. ఇదే రోజు బరంపురంలో ఉంటుందా? ఉంటే ఎటువైపు?’ చాలామంది ‘ఉండదు, సూర్యుడు ఒక్కడే కదా’ అని రాస్తారు. కొందరు ఉంటుందంటారు గానీ దక్షిణం వైపు అంటారు. చీటీలు మడిచి బల్ల మీద పెట్టాకే సినిమా నడుస్తుంది. సేగన్ పటం వంచే చోట ఆపి, ఎవరి చీటీ వాళ్లనే తీసి చదవమంటాను.